రెండు వందల పద్దెనిమిదో పేజీ, మొదటి వరస

వాసంతికి ఒక మొండితనం ఉంది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని మాటను కాగితం మీద పెట్టదు. పెళ్లి కార్డు కొట్టించుకోవడానికి వచ్చినవాడు ముహూర్తం నోటితో చెబితే సరిపోదు, పంతులు రాసిచ్చిన చీటీ తెచ్చి బల్ల మీద పెట్టాలి. నాకసలే ముక్కు మీద కోపం. అలాంటి మనిషితో నాకు ఏడాదిపాటు పని పడింది. మా ఇద్దరి మధ్య ఆమె కంప్యూటర్ పగలకుండా మిగిలిందంటే అది దాని అదృష్టం.

ఆమె పుట్టింది రొంపిచెర్లలో, సేద్యం చేసుకునే ఇంట్లో. నరసరావుపేటలో టైపు నేర్చుకుంది. వెంకట్‌ని చేసుకుని గురజాల వచ్చింది. కోర్టు ఎదురుగా వేపచెట్టు నీడలో బల్ల వేసుకుని పదేళ్లు అర్జీలు కొట్టింది. తర్వాత ఆ బల్ల వెనకే చిన్న కొట్టు తీసుకుంది. కోర్టులో నకళ్లు రాసే ముసలి గుమాస్తా ఒకాయన ఆమెకు ఈ అలవాటు అంటించి పోయాడు. "నకలుకి ప్రాణం అసల్లో ఉంటదమ్మాయ్. అసలు ఏదో రాయకపోతే అది నకలు కాదు, పుకారు" అనేవాడట. ఆమె ఈ మాట నాకు కనీసం నలభైసార్లు చెప్పింది. నేను నలభైసార్లూ విసుక్కున్నాను.

నా పేరు జయపాల్. ఊరికి అవతల, ఇప్పుడు తుమ్మలు మొలిచిన చోట, ఒక కాన్పుల ఆసుపత్రి ఉండేది. అందులో పద్దెనిమిదేళ్లు కాంపౌండరుగా చేశాను. అది మూతపడి చాలా కాలమైంది. కిందటేడు ఆ భవనం పడగొడతామని ఆసుపత్రి నడిపిన ట్రస్టు వాళ్లు కబురు పెట్టినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది గోడలు కాదు, కరుణమ్మ సిస్టర్ రాసిన రిజిస్టర్లు. ఇరవై రెండేళ్ల కాన్పులు. నాలుగు లావుపాటి పుస్తకాలు. కొత్త పుస్తకం మొదలుపెట్టినా సిస్టర్ పేజీ నంబరు మళ్లీ ఒకటి నుంచి వేసేది కాదు. పాత పుస్తకం ఆగిన చోటు నుంచే సాగించేది. అలా నాలుగో పుస్తకం చివర నాలుగు వందల ఆరు దగ్గర ఆగింది. అప్పటికే అట్టలకు చెదలు పట్టాయి. చుట్టుపక్కల ఊళ్లలో పుట్టిన తేదీ కాగితం లేనివాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు. ఆ పుస్తకాలు మట్టి అయితే వాళ్లు ఎవరినని అడగాలి?

పేజీకి ఒకటి చొప్పున నేనే నా ఫోనుతో ఫొటోలు తీశాను. మే నెల ఎండలో, ఆ ఆసుపత్రి డాబా మీద. సున్నపు దుమ్ము పట్టిన గాలి, కింద తుమ్మచెట్లలో పిట్టలు. ఒక్కో పేజీ తిప్పుతుంటే సిస్టర్ వేసుకునే పౌడరు వాసన వచ్చినట్టే ఉండేది. ఆమె పోయి పదకొండేళ్లు. అది చెదల మందు వాసనేనని నాకు తెలుసు, అయినా పీల్చేవాణ్ని.

తర్వాత పని వాసంతిది. ఫొటోలోని చేతిరాతను చదివి గళ్లలో పెట్టే ప్రోగ్రాం ఒకటి ఉంది. అది ఒక్కో ఫొటోకి ఒక్కో చిన్న టేబుల్ ఇస్తుంది. తేదీ, తల్లి పేరు, తండ్రి పేరు, ఊరు, ఆడో మగో, బిడ్డ స్థితి, బిడ్డ పేరు. నాలుగు వందల ఫొటోలకి నాలుగు వందల ముక్కలు. వాటన్నిటినీ కలిపి ఒకే పెద్ద ఫైలు చేయాలి. నేనైతే కలిపేసి చేతులు దులుపుకునేవాణ్ని. ఆమె అలా కాదు. ప్రతి వరస చివరా రెండు గళ్లు ఎక్కువ పెట్టింది. ఒకటి ఆ వరస ఏ ఫొటోలోంచి వచ్చిందో ఆ ఫొటో ఫైలు పేరు. రెండోది రిజిస్టర్లో పేజీ నంబరు.

"ఫొటో పేరు ఉందిగా, మళ్లీ పేజీ ఎందుకు?" అన్నాను.

"ఫొటో పేరు నువ్వు ఎప్పుడు తీశావో చెప్తది బాబాయ్. పేజీ, ఆమె ఎప్పుడు రాసిందో చెప్తది. రెండూ ఒకటి కాదు."

"అదంతా ఎవరు చూడొచ్చారు?"

"ఎవరూ చూడకపోతే మంచిదే. చూడాల్సి వస్తే మటుకు ఉండాల."

మధ్యాహ్నాలు కోర్టు దగ్గర సందడి తగ్గి, కొట్లో ఫ్యాను ఒక్కటే తిరుగుతున్నప్పుడు ఆమె తెర మీది వరసల్ని ఫొటోలతో సరిచూస్తూ మెల్లగా పైకి చదివేది. ముప్పాళ్ళ సుభద్ర. అచ్చంపేట ఆదెమ్మ. మాచర్ల హుస్సేన్‌బీ. నేను కుర్చీలో కూర్చుని వింటూ వింటూ కునుకు తీసేవాణ్ని. ఆ కునుకులో వాళ్లంతా నడిచొచ్చేవాళ్లు. నడుం మీద చెయ్యి వేసుకుని, తలకు తడిగుడ్డ చుట్టుకుని, తెల్లటి దుమ్ము దారిన ఒకరి వెనక ఒకరు. ఎవరి మొహమూ సరిగా కనిపించేది కాదు. పిల్లల ఏడుపు మాత్రం దూరంగా, నీళ్లలోంచి వచ్చినట్టు వినిపించేది. మెలకువ వచ్చేసరికి ఆమె ఇంకా చదువుతూనే ఉండేది.

ఆ ఫైల్లో 'బిడ్డ పేరు' గడి అంతా ఖాళీ. ఇరవయ్యొకటో రోజున గదా పేరు పెట్టేది. ఆసుపత్రి నుంచి వెళ్లేటప్పటికి ఏ బిడ్డకీ పేరుండదు. రిజిస్టరు అచ్చువేసినవాడికి ఆ సంగతి తెలియక ఆ గడి పెట్టాడు. ఎనిమిది వేల తొమ్మిది వందల మంది పేరు లేని పిల్లలు, ఆడ, మగ, ఆడ, ఆడ, మగ.

ఇక్కడ నా పాపం ఒకటి చెప్పాలి. తీసిన ఫొటోల్లో పద్నాలుగు మసకబారాయి. నా చెయ్యి వణుకుతుంది, వయసు అది. ప్రోగ్రాం వాటిలోంచి చెత్త తీసి ఇచ్చింది. వాసంతి ఆ పద్నాలుగూ పక్కన పడేసి "మళ్లీ తీసుకురా బాబాయ్" అంది. నేను గొణుక్కుంటూ వెళ్లి ఎనిమిది రోజుల తర్వాత తీసుకొచ్చాను. కొత్త తేదీన తీశాను గనుక ఆ ఫొటోల ఫైలు పేర్లలోనూ కొత్త తేదీ పడింది. అన్నీ కలిపినప్పుడు అవి వరసలో చివరకు పోయి కూర్చున్నాయి.

అప్పటికి పేజీ నంబర్ల గడి ఇంకా పూర్తి కాలేదు. మూలన ముద్ర కొట్టిన ఆ నంబర్లను ప్రోగ్రాం సగం తప్పుగా చదివితే, ఆమె ఒక్కొక్కటి చూసి దిద్దుకుంటోంది. ఈలోపు ట్రస్టు వాళ్లు నన్ను అడగడం, నేను ఈమె మీద ఎగరడం. "పేరు కొడితే కనిపించేటట్టు ముందు అది కానీ. నంబర్లు తర్వాత తీరుబడిగా దిద్దుకో. నిదానం నిదానం అంటా ఆ పుస్తకాలకంటే ముందు నేను పోయేట్టున్నాను" అన్నాను.

సిస్టర్ రాతలో ఒక పద్ధతి ఉండేది. పైవరసలో ఉన్నదే కింద కూడా అయితే మళ్లీ రాసేది కాదు, రెండు చిన్న గీతలు గీసేది. డిటో. వెతికినప్పుడు గీతలు దొరకవు గదా, అందుకని ఆ గీతలున్న ప్రతి గడిలోకీ పైగడిలోని మాటను దింపాలి. వాసంతి నా గోల పడలేక ఆ పని ముందే చేసేసింది, ఫైలు ఫొటో పేర్ల వరసలో ఉండగానే. పేజీ నంబర్లు దిద్దడం అయ్యాక అంతా పేజీల వరసలోకి సర్దింది. చూడటానికి ముత్యాల్లా ఉంది. నేను మెచ్చుకున్నాను కూడా.

జులైలో మల్లమ్మ వచ్చింది. అరవై దాటిన మనిషి. నాపరాళ్ల క్వారీలో ముప్పై ఏళ్లు చేసిన చేతులు, వేళ్ల కణుపులు లావెక్కి పిడికిలి పూర్తిగా మూసుకోదు. భర్త పిచ్చియ్య పోయాడు. కొడుకు మహేష్‌కి లారీ లైసెన్సు కోసం పుట్టిన తేదీ కాగితం కావాలి. వాడు బడి మొహం చూసినవాడు కాదు, ఇంకెక్కడా ఆధారం లేదు.

తండ్రి పేరు, ఊరు పేరు కొట్టింది వాసంతి. రెండు వరసలు వచ్చాయి. తలెత్తకుండానే చదివింది.

"తల్లి మల్లమ్మ, తండ్రి పిచ్చియ్య. ఎనభై ఆరు మే పంతొమ్మిది, ఆడ, క్షేమం. ఎనభై తొమ్మిది నవంబరు రెండు, మగ, క్షేమం. ఈ రెండోదే మీ వాడు పెద్దమ్మా."

మల్లమ్మ తెర వైపు వంగింది. వినిపించలేదేమో అనుకున్నాను.

"మొదటిది ఇంకోసారి సదువమ్మా" అంది.

వాసంతి చదివింది.

"క్షేమమంటే?"

"అంటే బిడ్డ బాగుందని."

"నాకు పోయిందని చెప్పారే."

ఫ్యాను తిరుగుతోంది. బయట ఎవరో ఆటో హారన్ కొడుతున్నారు. మల్లమ్మ బల్ల అంచు పట్టుకుని మెల్లగా స్టూలు మీద కూర్చుంది. తొలికాన్పు. ఫిట్స్ వచ్చి మూడు రోజులు తెలివి లేదు. లేచేసరికి పొట్ట లేదు, పక్కన బిడ్డ లేదు. పోయిందని అత్త చెప్పింది. అంతే. ఎవరూ చూపించలేదు, తనూ అడగలేదు. అడిగితే ఏడుస్తానని అడగలేదట.

"అయితే అది ఉందన్నమాట" అంది. ఆ మాట మమ్మల్ని చూసి అనలేదు. కోర్టు మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్ల వంక చూస్తూ అంది. "ఎవురన్నా పెంచుకోనీకి తీసుకపోయారేమో. ముప్పై తొమ్మిదేళ్లు ఉంటాయి ఇప్పుడు. పిల్లల తల్లయి ఉంటది."

వాసంతి మొహం చూశాను. పాలిపోయింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు, ఆ సామెత అర్థం నాకు ఆ పూటే పూర్తిగా తెలిసింది. ఆమె తెర మీంచి తల తిప్పి, "పెద్దమ్మా, ఇది నకలు. అసలు చూడకుండా చదివాను, తప్పు నాది. పనైపోయిందని ఫొటోలు బాబాయ్ ఇంటికి పట్టుకెళ్లాడు. రేపు పొద్దున రా. చూసి చెప్తా. అందాకా ఏదీ అనుకోవాక" అంది.

"ఎట్టా అనుకోకుండా ఉండేది?" అంది మల్లమ్మ. కోపంగా కాదు. నిజంగా తెలియక అడిగినట్టే అంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి నేను ఫొటోలున్న పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చాను. వాసంతి ఆ వరస చివరి రెండు గళ్లూ చూసింది. ఫొటో పేరు, పేజీ రెండు వందల పద్దెనిమిది. ఆ ఫొటో తెరిచింది. పేజీలో మొట్టమొదటి వరసే మల్లమ్మది. 'బిడ్డ స్థితి' గడిలో మాట లేదు. రెండు చిన్న గీతలున్నాయి.

పేజీ మొదట్లో డిటో. అంటే దాని మాట ముందు పేజీ ఆఖరి వరసలో ఉండాలి. రెండు వందల పదిహేడు అని వెతికింది. ఆ పేజీ నేను మళ్లీ తీసిన పద్నాలుగింట్లో ఒకటి. అది చివరకు పోయి కూర్చుంది గనుక, గీతల్లోకి మాట దింపిన నాడు రెండు వందల పద్దెనిమిదికి పైన ఉన్నది రెండు వందల పదహారు. దాని ఆఖరి వరసలో 'క్షేమం' అని ఉంది. అదే కిందికి దిగింది.

పదిహేడు తెరిచింది. నేను రెండోసారి చెయ్యి బిగబట్టుకుని తీసిన ఫొటో. ఎంత స్పష్టంగా ఉందో. ఆఖరి వరస, వేరే ఎవరో తల్లిది, అదే రోజు. అక్కడ 'మృతి' అని ఉంది.

ఒకే రోజున రెండు. ఆ మాట రెండోసారి రాయడానికి సిస్టర్‌కి చెయ్యి రాలేదేమో, రెండు గీతలు గీసి ఊరుకుంది. ఆ రోజు నేను డ్యూటీలో ఉన్నానా అని గుర్తు చేసుకోబోయాను. ఉండే ఉంటాను. మందుల గదిలో మాత్రలు లెక్కపెట్టుకుంటూ ఉండి ఉంటాను. నాకేమీ గుర్తు లేదు, అందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

"నిన్ను తొందరపెట్టింది నేను. ఆమెకు నేనే చెప్తాను" అన్నాను.

"నకలు నాది బాబాయ్. నేనే చెప్పాల."

అంతటితో వదిలేయకుండా ఆమె మిగిలిన పదమూడు చోట్లూ చూసింది. రెండు చోట్ల ఇలాగే పేజీ మొదట గీతలున్నాయి గానీ, పైనా క్షేమమే, కిందా క్షేమమే, తేడా రాలేదు. చెడింది ఆ ఒక్క వరసే. ఫైలంతా ఆ పాత ముక్కల నుంచే మళ్లీ పేజీల వరసలో కలిపి, గీతలు గీతలుగానే ఒక గడిలో ఉంచి, దింపిన మాటను పక్కన వేరే గడిలో పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, కాకపోతే ఇంకొకరి చేతులు కాలకుండా ఉంటాయి. ఆ పని చేస్తూ ఫొటోను పెద్దది చేసినప్పుడు కనిపించింది. మల్లమ్మ వరసలో గళ్లన్నీ అయిపోయాక, కుడి అంచున, పెన్సిలుతో, ఏటవాలుగా నాలుగు ముక్కలు. ప్రోగ్రాంకి అక్కడ గడి లేదు గనుక అది వాటిని వదిలేసింది.

నేను కళ్లజోడు తుడుచుకుని చదివాను. మళ్లీ తుడుచుకుని మళ్లీ చదివాను.

మర్నాడు పొద్దున కోర్టు తెరవకముందే మల్లమ్మ వచ్చి కొట్టు ముందు కూర్చుని ఉంది. ఉతికిన చీర కట్టుకుంది. తలకు నూనె పెట్టుకుంది. ఎవరింటికో చూడబోయే మనిషిలా ఉంది. ఆమెను అలా చూడగానే నాకు వెనక్కి తిరిగి పోదామనిపించింది.

మల్లమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి, వాసంతి పక్కన నేల మీద కూర్చుంది. "పెద్దమ్మా, నిన్న నేను చదివింది తప్పు. బిడ్డ పోయింది. అది నా ఫైల్లో పడిన తప్పు, పుస్తకంలో తప్పు లేదు" అంది. మెత్తగా చుట్టి చెప్పలేదు. ఎందుకంటే ఆ ఒక్క రాత్రిలో ఆమె ఎంత దూరం వెళ్లి ఉంటుందో మాకు తెలుసు.

మల్లమ్మ తల ఊపింది. మళ్లీ ఊపింది. "నాకు తెలుసమ్మా. రాత్రంతా అది ఊళ్లూళ్లూ తిరిగింది నా కళ్లలో. ఎర్ర చీర కట్టుకుని. తెల్లారి చూస్తే, మరి ఇన్నేళ్లు రాకుండా ఎందుకుంటది అనిపించింది" అంది. కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"పుస్తకంలో ఇంకొకటి ఉంది. వింటావా?"

"సదువు."

వాసంతి లేచి ఫొటో తెరిచి, ఏ అక్షరమూ వదలకుండా చదివింది. "రెండున్నర గంటలు ఉంది. గట్టిగా ఏడ్చింది. తల్లికి తెలివి లేదు. పోయిందాకా తల్లి రొమ్ము మీదే పడుకోబెట్టాను."

మల్లమ్మ ఆ చేతుల్ని, మూసుకోని ఆ పిడికిళ్లని, ఎత్తి రొమ్ము మీద పెట్టుకుంది.

"ఏడ్చిందా?"

"గట్టిగా ఏడ్చిందని రాసింది."

"నా మీదే ఉందా?"

"పోయిందాకా."

"నేను దాన్ని ముట్టుకోలేదనే అనుకుంటన్నా ఇన్నేళ్లూ" అని మల్లమ్మ ఏడ్చింది. పెద్దగా, సిగ్గుపడకుండా, కోర్టుకి వచ్చేవాళ్లు ఆగి చూసేటట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చూసేవాళ్ల మీద కోపం తెచ్చుకుని, "ఏంది చూస్తన్నారు, పోండి" అని కసిరాను.

చాలాసేపటికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుని తెర వంక వేలు చూపించింది. "ఆ ఖాళీ ఏంది?"

"బిడ్డ పేరు. అందరికీ ఖాళీయే."

"పేరు ఉందమ్మా దానికి. కడుపులో ఉన్నప్పుడే అనుకున్నా, ఇరవయ్యొకటో రోజున చెబుదామని. మా పిచ్చియ్య మావకి కూడా చెప్పలా. గోపిక. రాస్తావా?"

నేను వాసంతి వంక చూశాను. అది పుస్తకంలో లేదు. ఏ ఫొటోలోనూ లేదు. ఈమె సంగతి నాకు తెలుసు గదా. ఇప్పుడు గనక కుదరదందంటే ఆ కంప్యూటర్ ఇవాళ నిజంగానే పగిలేది.

ఆమె కొంచెం ఆలోచించింది. సిస్టర్ ఖాళీగా వదిలిన గడిని ముట్టుకోలేదు. ఫైలు చివర కొత్తగా రెండు గళ్లు పెట్టింది. ఒకదానికి 'తర్వాత తెలిసిన పేరు' అని, రెండోదానికి 'ఎక్కడి నుంచి' అని శీర్షికలు కొట్టింది. మొదటి దాంట్లో గోపిక అని రాసింది. రెండో దాంట్లో ఫొటో పేరు లేదు, పేజీ లేదు. తల్లి మల్లమ్మ చెప్పింది, అని రాసింది.

"అయింది పెద్దమ్మా."

మల్లమ్మ స్టూలు దగ్గరకు జరుపుకుంది.

"ఇంకోసారి సదువమ్మా" అంది.